భక్తి గురించి అంబేడ్కర్ అన్న మాటను కార్డుగా చేసినప్పుడు

ప్రశ్న: పెద్ద ప్రసంగాల్లోంచి ఒక మంచి మాట తీసి ఇమేజ్ పోస్టు చేస్తుంటాను. కింద ఎవరో ఒకరు "ఇది ఆయన మాట కాదు" అనో, "ముందూ వెనకా కత్తిరించేశారు" అనో పెడుతున్నారు. చిన్న కార్డులో పేరూ సందర్భమూ పోకుండా ఎలా చేయాలి?

నేను మా ఊరి గ్రంథాలయం తరఫున ఆరేళ్లుగా ఈ కార్డులు చేస్తున్నాను. మొదటి ఏడాదే ఒక పెద్ద తప్పు చేశాను. దాన్ని సరిదిద్దుకుంటూ నేర్చుకున్నదే మీకు చెబుతాను.

ఆ జనవరి 26కి అంబేడ్కర్ రాజ్యాంగ సభలో 1949 నవంబరు 25న చేసిన ప్రసంగం తీసుకున్నాను. రాజ్యాంగం ఆమోదం పొందడానికి ముందు రోజు, ముసాయిదా కమిటీ అధ్యక్షుడిగా చర్చను ముగిస్తూ ఆయన మాట్లాడిన మాటలవి. చాలా పొడవైన ప్రసంగం. అందులో నాకు బాగా నచ్చిన వాక్యం ఇది: "పురుషుడు తన గౌరవాన్ని పణంగా పెట్టి కృతజ్ఞత చూపలేడు, స్త్రీ తన శీలాన్ని పణంగా పెట్టి చూపలేదు, ఏ జాతీ తన స్వేచ్ఛను పణంగా పెట్టి చూపలేదు." పెద్ద అక్షరాల్లో వేసి, కింద అంబేడ్కర్ పేరు రాసి పెట్టేశాను. సాయంత్రానికి వాట్సాప్ గ్రూపుల్లో బాగా తిరిగింది. రాత్రి రిటైరైన ఒక మాస్టారు ఫోన్ చేసి, "బాబూ, ఆ మాట ఐర్లండు నాయకుడు డేనియల్ ఓకానెల్‌ది. అంబేడ్కర్ ఆయన పేరు చెప్పే వాడుకున్నారు, ఆ వాక్యం మొదలు చదవలేదా?" అన్నారు. నిజంగానే చదవలేదు. ఎవరో వేరుగా తీసి పెట్టిన ఆ ఒక్క ముక్క మాత్రమే నా దగ్గరుంది.

పోస్టు తీసేశాను కానీ అప్పటికే ఫార్వర్డ్ అయిన కాపీలను వెనక్కి తెచ్చే దారి లేదు. అందుకే ఇప్పుడు కార్డు డిజైన్ మొదలుపెట్టక ముందే సగం పని పూర్తి చేస్తాను.

ముందుగా ప్రసంగం అసలు పాఠం తెచ్చుకుంటాను. ఈ ప్రసంగం రాజ్యాంగ సభ చర్చల 11వ సంపుటిలో ఉంది. తేదీతో వెతికితే దొరుకుతుంది. నాకు నచ్చిన వాక్యం దొరికిన చోట ఆగకుండా, ఆ వాదన మొదలైన చోటి నుంచి ముగిసిన చోటి వరకూ పేపరు మీద ప్రింట్ తీసుకుంటాను. తర్వాత ప్రతి వాక్యం పక్కనా పెన్సిల్‌తో రాస్తాను, ఇది వక్త మాటా, ఆయన ఉటంకిస్తున్న వేరొకరి మాటా అని.

ఆ భాగమే తీసుకుందాం. ప్రజాస్వామ్యం నిలబడాలంటే మూడు పనులు చేయాలని అంబేడ్కర్ అంటారు. మొదటిది రాజ్యాంగ పద్ధతులనే పట్టుకుని ఉండటం. మూడోది రాజకీయ ప్రజాస్వామ్యంతో తృప్తి పడకుండా సామాజిక ప్రజాస్వామ్యం సాధించడం. మనం చూస్తున్నది రెండోది. అది ఆంగ్ల తత్వవేత్త జాన్ స్టూవర్ట్ మిల్ హెచ్చరికతో మొదలవుతుంది: ఎంత గొప్పవాడి పాదాల దగ్గరైనా సరే మీ స్వేచ్ఛను పెట్టకండి అని. దేశానికి జీవితమంతా సేవ చేసిన మహానుభావుల పట్ల కృతజ్ఞత చూపడంలో తప్పేమీ లేదని వెంటనే అంటారు. కానీ దానికి హద్దులున్నాయని చెప్పి, ఓకానెల్ మాట తెస్తారు. ఈ హెచ్చరిక మిగతా దేశాల కన్నా భారతదేశానికి ఎక్కువ అవసరమని, ఎందుకంటే ఇక్కడి రాజకీయాల్లో భక్తి పాత్ర ఇంకెక్కడా లేనంతగా ఉందని చెప్పి, చివరికి తన మాట అంటారు. నా అనువాదంలో అది ఇలా ఉంటుంది:

"మతంలో భక్తి ఆత్మకు ముక్తి మార్గం కావచ్చు. కానీ రాజకీయాల్లో భక్తి, లేదా వ్యక్తి పూజ, పతనానికీ చివరకు నియంతృత్వానికీ తప్పకుండా తీసుకెళ్లే దారి."

పెన్సిల్ గుర్తులు పెట్టేసరికి తేలిపోతుంది, ఈ భాగంలో కార్డుకు తగినదీ, పూర్తిగా అంబేడ్కర్‌దే అయినదీ ఈ రెండు వాక్యాల జతే అని. ఓకానెల్ వాక్యమే కావాలంటే అదీ పెట్టుకోవచ్చు. అప్పుడు కింద "డేనియల్ ఓకానెల్ మాటగా అంబేడ్కర్ ఉటంకించినది" అని రాయాలి. ఆ ఒక్క లైన్ ఉండి ఉంటే మాస్టారు నాకు ఫోన్ చేయాల్సిన అవసరం వచ్చేది కాదు.

ఇక కత్తిరింపు. ఈ జతలో రెండో వాక్యం ఒక్కటే వేసిన కార్డులు నేను చాలా చూశాను. బలంగా ఉంటుంది, నిజమే. కానీ మొదటి వాక్యం పోగానే అంబేడ్కర్ భక్తినే తిట్టినట్టు చదువుకునేవాళ్లు మొదలవుతారు, కామెంట్లలో గొడవ అక్కడి నుంచే వస్తుంది. ఆయన ఆ మొదటి వాక్యం పెట్టిందే ఆ అపార్థం రాకుండా. అందుకని నేను పెట్టుకున్న నియమం ఇది: "కానీ" అని మొదలయ్యే వాక్యాన్ని దాని ముందు వాక్యం లేకుండా ఎప్పుడూ వేయను. చోటు సరిపోకపోతే అక్షరం సైజు తగ్గిస్తాను, లేదా రెండు స్లైడ్లు చేస్తాను. మధ్యలో ఏదైనా వదిలేస్తే అక్కడ మూడు చుక్కలు పెడతాను. వేర్వేరు పేరాల్లోని వాక్యాలను మాత్రం చుక్కలు పెట్టి కూడా కలపను.

అనువాదం దగ్గర ఇంకో ప్రమాదం ఉంది. ఆయన మాట్లాడింది ఇంగ్లీషులో. మొదటి వాక్యంలో "కావచ్చు" అన్నారు, రెండో దాంట్లో "తప్పకుండా" అన్నారు. ఆ వాక్యాల బలమంతా ఆ తేడాలో ఉంది. తెలుగులో వినసొంపుగా ఉండాలని "మతంలో భక్తి ముక్తి మార్గం, రాజకీయాల్లో భక్తి నియంతృత్వ మార్గం" అని ప్రాసగా మారిస్తే ఆ తేడా పోతుంది, "చివరకు" అన్న మాట కూడా పోతుంది. నా మొదటి అనువాదం అచ్చంగా అలాగే ఉండేది. ఇప్పుడు అసలు పాఠం పక్కన పెట్టుకుని "బహుశా", "దాదాపు", "చివరకు" లాంటి చిన్న మాటలు ఒక్కొక్కటీ వచ్చాయో లేదో సరిచూస్తాను. కార్డు మీద "అనువాదం" అని కూడా వేస్తాను. భక్తి అనే మాట ఆయన ఇంగ్లీషు ప్రసంగంలోనూ భక్తిగానే ఉంది, కాబట్టి దాన్ని మార్చనక్కర్లేదు.

సందర్భం విషయంలో నాకు బాగా పనికొచ్చింది, దాన్ని కింద కాకుండా ఉటంకింపుకు పైన పెట్టడం. ఒకే ఒక్క లైన్, చిన్న అక్షరాల్లో: "మహానాయకుల పట్ల కృతజ్ఞతకు హద్దులుండాలని చెబుతూ". కన్ను ముందు అక్కడ పడుతుంది కాబట్టి, అసలు వాక్యం చదివేటప్పటికే ఇది దేని గురించో తెలిసిపోతుంది. ఉటంకింపు అయిన వెంటనే పేరు, హోదా, చోటు, తేదీ: "డా. బి.ఆర్. అంబేడ్కర్, ముసాయిదా కమిటీ అధ్యక్షుడు, రాజ్యాంగ సభ, 25 నవంబరు 1949. అనువాదం." తేదీ విషయంలో జాగ్రత్త. చాలామంది ఆమోదం పొందిన 26నే ప్రసంగం తేదీగా వేస్తుంటారు.

ఈ వివరాలన్నీ క్యాప్షన్‌లో రాస్తే చాలదా అని నేనూ అనుకునేవాణ్ణి. చాలదు. ఎవరైనా బొమ్మను సేవ్ చేసి వాట్సాప్‌లో పంపితే క్యాప్షన్ వెంట రాదు. అందుకే ఎవరు, ఎప్పుడు, ఎక్కడ అన్న మూడూ బొమ్మలోనే ఉండాలి. అవి కింది అంచు దగ్గర కూడా పెట్టకండి. స్క్రీన్‌షాట్ తీసి క్రాప్ చేసేటప్పుడు అంచే ముందు పోతుంది. ఉటంకింపుకు ఆనించి, అదే బాక్స్ లోపల పెడితే దాన్ని వదిలి మాటను మాత్రమే కత్తిరించడం కష్టం.

సైజు నేను 1080 బై 1350 వాడతాను, ఫోన్‌లో నిలువుగా ఎక్కువ చోటు వస్తుంది. తెలుగుకు లైన్ల మధ్య దూరం ఎక్కువ కావాలి. లేకపోతే పై లైన్ ఒత్తులు కింది లైన్ గుడులకు తగిలి "క్త"లూ "త్వ"లూ చదవలేకుండా పోతాయి. మంచి ఫాంటు వేసినా ఒత్తులు విడిపోయి అక్షరాలు పక్కపక్కన వస్తుంటే, తప్పు మీ టైపింగ్‌ది కాదు, ఆ యాప్ తెలుగు అక్షరాలను సరిగ్గా కూర్చలేకపోతోంది. అప్పుడు యాప్ మార్చి చూడండి. కార్డు పూర్తయ్యాక ఫోన్‌లో వాట్సాప్ ద్వారా నాకే పంపుకుని, ఆ వచ్చిన కాపీలో తేదీ చదవగలుగుతున్నానో లేదో చూస్తాను.

పోస్టు చేయక ముందు ఇంకో పరీక్ష ఉంది. ప్రసంగం చదవని ఒకరికి, మా ఇంట్లో అయితే మా వదినకు, కార్డు మాత్రమే చూపించి అడుగుతాను: "ఇది ఎవరన్నారు? దేని గురించి?" భక్తి కార్డు మొదటి రూపం చూసి ఆవిడ "దేవుడి భక్తి వద్దంటున్నాడా?" అంది. పై లైనూ, మొదటి వాక్యమూ చేర్చాక అదే ప్రశ్నకు "నాయకుల్ని దేవుళ్లలా చూడొద్దంటున్నారు" అంది. అప్పుడు పోస్టు చేశాను.

కొన్ని మాటలు మాత్రం ఒక్క కార్డులో ఎంత చేసినా నిలబడవు. అదే ప్రసంగంలో సత్యాగ్రహం, సహాయ నిరాకరణ లాంటి పద్ధతులను "అరాచకత్వపు వ్యాకరణం" అన్న చోటు చూడండి. దానికి ముందు, రాజ్యాంగ మార్గాలే లేని రోజుల్లో ఆ పద్ధతులకు చాలా సమర్థన ఉండేదని ఆయనే అంటారు. ఆ వాక్యం లేకుండా వేస్తే స్వాతంత్ర్య పోరాటాన్నే తప్పుపట్టినట్టు అవుతుంది. అందుకని అది రెండు స్లైడ్లుగా చేశాను, "సమర్థన ఉండేది" అన్నదే మొదటి స్లైడు.

ఇంకోటి మనకు దగ్గరిది. 1953 సెప్టెంబరు 2న రాజ్యసభలో ఆంధ్ర రాష్ట్ర బిల్లు చర్చలో, ఈ రాజ్యాంగాన్ని తగలబెట్టే మొదటి వ్యక్తిని నేనే అవుతానని అంబేడ్కర్ అన్నారు. ఆ మాట ఒక్కటే వేసిన కార్డులు ఏటా తిరుగుతాయి. 1955 మార్చి 19న అదే సభలో దాని గురించి అడిగితే, దేవుడి కోసం గుడి కడితే దేవుణ్ణి ప్రతిష్ఠించక ముందే దయ్యం వచ్చి చేరిందని, అప్పుడు గుడిని కూల్చక ఏం చేస్తామని వివరించారు. నేను దీన్ని ఒకసారి మూడు స్లైడ్లుగా చేసి చూశాను. మొదటి స్లైడును మాత్రం సేవ్ చేసి పంపుకుంటారని అర్థమైంది. దాంతో కార్డు మానేసి, రెండు తేదీలూ ఇచ్చి పూర్తి వ్యాసంగా రాశాను.

మీ కార్డుల్లో ఏ ప్రసంగం మీద కామెంట్లు వచ్చాయో చెబితే, ఆ పేరా తెరిచి ఎక్కడ కత్తిరించాలో కలిసి చూద్దాం అండీ.