సిలబస్ మారాక పాత జేఈఈ మెయిన్ ప్రశ్నల్లో ఏవి ఉంచాలి, ఏవి తీసేయాలి?

ప్రశ్న: మా అబ్బాయి లాంగ్ టర్మ్ చేస్తున్నాడు. 2019 నుంచి 2023 వరకు వచ్చిన జేఈఈ మెయిన్ పేపర్లన్నీ పుస్తకాలుగా కొన్నాం. 2024లో సిలబస్ తగ్గించారు కదా, ఇప్పుడు వీటిలో ఏవి చేయించాలి, ఏవి వదిలేయాలి?

ఇంటర్మీడియట్ విద్యార్థులకు చాలాకాలంగా గణితం చెబుతున్నవాడిని కనుక ఎక్కువగా గణితం గురించే రాస్తాను. నా అభిప్రాయం ఒక్క మాటలో చెప్పాలంటే, చాప్టర్ పేరు చూసి ప్రశ్నను కొట్టేయకూడదు. లెక్కను చివరిదాకా చేసి, ఏ మెట్టు దగ్గర తీసేసిన పాఠం అవసరమవుతుందో చూసి నిర్ణయించాలి. ఇది శ్రమతో కూడిన పనే. అయితే వడపోత పేరుతో మార్కెట్లో దొరికేవన్నీ చాప్టర్ పేర్లను బట్టి వడగట్టినవే కాబట్టి, ఈ శ్రమ ఎవరో ఒకరు ఇంట్లో పడక తప్పదు.

ముందుగా మీ దగ్గర ఉండవలసినవి రెండు సిలబస్ ప్రతులు: 2023 నాటి ఎన్‌టీఏ ఇన్ఫర్మేషన్ బులెటిన్‌లోనిది, ప్రస్తుత సంవత్సరానిది. గణితంలో అప్పుడు పదహారు యూనిట్లు ఉండేవి, 2024లో పద్నాలుగు అయ్యాయి. మొత్తంగా పోయినవి మ్యాథమెటికల్ ఇండక్షన్, మ్యాథమెటికల్ రీజనింగ్. ఈ రెండింటి విషయంలో ఆలోచించవలసింది ఏమీ లేదు, నిస్సంకోచంగా కొట్టేయవచ్చు. చిక్కంతా మిగిలిన యూనిట్ల లోపల చడీచప్పుడు లేకుండా మాయమైన మాటలతోనే వస్తుంది. త్రీడీ జామెట్రీలో ప్లేన్ పోయింది, వెక్టర్లలో స్కేలార్ ట్రిపుల్ ప్రొడక్ట్ పోయింది, ప్రాబబిలిటీలో బైనామియల్ డిస్ట్రిబ్యూషన్ పోయింది, డెరివేటివ్‌ల ఉపయోగాల్లో టాంజెంట్లు, నార్మల్‌లతో పాటు రోల్, లగ్రాంజ్ సిద్ధాంతాలు కూడా పోయాయి. రెండు ప్రతులనూ పక్కపక్కన పెట్టుకొని వాక్యం వాక్యం చదివితేనే ఇవి కంటపడతాయి.

గత సంవత్సరం మా పై అంతస్తులో ఉండే ఒక అమ్మాయి తన ప్రశ్నల పుస్తకం తీసుకొని నా దగ్గరికి వచ్చింది. ముఖచిత్రం మీద ‘కొత్త సిలబస్ ప్రకారం’ అని బంగారు రంగు స్టిక్కర్ ఉంది, లోపల మాత్రం ఇండక్షన్ చాప్టర్ చెక్కుచెదరకుండా అలాగే ఉంది. (ఆ స్టిక్కర్ కోసమే ధర పెంచి అమ్ముతున్నారని నా గట్టి అనుమానం.) పుస్తకాన్ని నమ్మలేక ఆ అమ్మాయే ఎర్ర స్కెచ్‌పెన్‌తో కొట్టివేతలు మొదలుపెట్టింది. త్రీడీలో ‘కోప్లానార్’ అన్న మాట కనిపించిన ప్రతి ప్రశ్న మీదా అడ్డగీత ఉంది. “ప్లేన్ లేదన్నారు కదా సార్, ఇవన్నీ ప్లేన్‌వే కదా” అంది. నేను వాటిలో ఒకదాన్ని చూపించి, ఇది చేసి చూడమ్మా అన్నాను. ఆ ప్రశ్న ఇలాంటిది:

`(x−1)/2 = (y−2)/3 = (z−3)/4` అనే రేఖ, `(x−4)/5 = (y−1)/2 = (z−k)/1` అనే రేఖ ఒకే తలంలో ఉంటే `k` ఎంత?

ప్రశ్నలో తలం అన్న మాట ఉన్నది నిజమే. కానీ రెండు రేఖల దిశలు `(2, 3, 4)`, `(5, 2, 1)` కనుక అవి సమాంతరంగా లేవు. సమాంతరంగా లేని రెండు రేఖలు ఒకే తలంలో ఉన్నాయంటే అవి ఒకదాన్నొకటి ఖండించుకుంటాయని మాత్రమే అర్థం. అంటే మొదటి రేఖ మీద బిందువును `(1+2t, 2+3t, 3+4t)` అని, రెండో దాని మీద `(4+5s, 1+2s, k+s)` అని రాసుకొని సమానం చేస్తే చాలు. మొదటి రెండు నిరూపకాల నుంచి `2t − 5s = 3`, `3t − 2s = −1` వస్తాయి. వీటిని సాధిస్తే `t = −1`, `s = −1`. ఇక మూడో నిరూపకంలో `3 − 4 = k − 1`, కనుక `k = 0`. ఖండన బిందువు `(−1, −1, −1)`. ఆ అమ్మాయి ఇదంతా ఎక్కడా తడుముకోకుండా చేసింది. ప్లేన్ సమీకరణం అవసరమైన మెట్టు ఒక్కటీ లేదు.

ఇదే ప్రశ్నను మరో దారిలోనూ చేయవచ్చు. రెండు రేఖల మధ్య కనిష్ఠ దూరం సున్నా అని రాసి, `(3, −1, k−3)`, `(2, 3, 4)`, `(5, 2, 1)` అడ్డువరుసలుగా ఉన్న డిటర్మినెంట్‌ను సున్నాకు సమానం చేస్తే `−11k = 0` వస్తుంది. స్క్యూ లైన్ల మధ్య కనిష్ఠ దూరం ఇప్పటి సిలబస్‌లో స్పష్టంగా ఉంది. స్కేలార్ ట్రిపుల్ ప్రొడక్ట్ అన్న పేరు సిలబస్‌లో లేకపోయినా, ఈ కనిష్ఠ దూరం సూత్రంలో లవంగా కూర్చున్నది అదే. పేరు పోయింది, పని పోలేదు. అందువల్ల వెక్టర్లలో ట్రిపుల్ ప్రొడక్ట్ ప్రశ్నలను కూడా గుడ్డిగా తీసేయవద్దు. డాట్, క్రాస్ లబ్ధాలను వరుసగా వేసుకుంటూ పోతే జవాబు వచ్చేవాటిని ఉంచండి. ట్రిపుల్ ప్రొడక్ట్‌కే ప్రత్యేకమైన ధర్మాల మీద నిలబడినవాటిని మాత్రం పక్కన పెట్టండి.

అదే రేఖలను ఇచ్చి, వాటిని కలిగి ఉన్న ప్లేన్ సమీకరణం కనుక్కోమని అడిగితే జవాబు `5x − 18y + 11z = 2`. ఈ ప్రశ్న ఉండకూడదు. ఎందుకంటే అడిగినదే సిలబస్‌లో లేని వస్తువు. ఒక ప్లేన్‌ను ఇచ్చి దానిలో బిందువు ప్రతిబింబం అడిగినా అంతే, ఇచ్చిన దత్తాంశమే సిలబస్‌కు బయటిది. ఇచ్చినదీ, అడిగినదీ సిలబస్‌లో ఉండి, మధ్య మెట్లకు ఇప్పటి పాఠాలు సరిపోతే ప్రశ్న బతికినట్లే. నేను పెట్టే పరీక్ష ఇంతకు మించి ఏమీ లేదు.

టాంజెంట్ల దగ్గర మాత్రం కొంత వివేకం కావాలి. `y = x²` అనే వక్రం, `(2, 4)` దగ్గర దాని స్పర్శరేఖ, `x`-అక్షం ఈ మూడింటి మధ్య వైశాల్యం అడిగారనుకుందాం. డెరివేటివ్ వల్ల వాలు `4`, సరళరేఖల పాఠం వల్ల రేఖ `y = 4x − 4`, ఆ తరువాత ఇంటిగ్రేషన్ వల్ల `8/3 − 2 = 2/3`. టాంజెంట్ అన్న శీర్షిక సిలబస్‌లో లేకపోయినా ఇటువంటిది నేను తప్పకుండా చేయిస్తాను. స్పర్శరేఖ వాలును ఇచ్చి వక్రాన్ని కనుక్కోమనే డిఫరెన్షియల్ ఈక్వేషన్ ప్రశ్నల గురించి సందేహమే అక్కరలేదు. రెండు వక్రాల మధ్య కోణం, సబ్‌టాంజెంట్ పొడవు వంటివి అయితే వదిలేయండి.

ఇటువంటి ప్రశ్నలు కొన్ని గోడ దూకి పక్క సబ్జెక్టులో దిగుతాయి కూడా. ఫిజిక్స్‌లో రేడియోధార్మిక క్షయం తీసేశారు. ఒక నమూనా 80 నిమిషాల్లో పదహారో వంతుకు తగ్గితే అర్ధాయువు ఎంత అన్న పాత ప్రశ్నను ఫిజిక్స్ నుంచి కొట్టేసినా, కెమిస్ట్రీలో ఫస్ట్ ఆర్డర్ చర్యలకు అదే లెక్క, అదే జవాబు: 20 నిమిషాలు. ఆల్ఫా, బీటా ఉద్గారాల తరువాత ఏ మూలకం మిగులుతుందన్న ప్రశ్నలకు అలా ఆశ్రయం దొరకదు.

తల్లిదండ్రులు ఎక్కువగా పొరపడేది ప్రశ్నల దగ్గర కాదు, మార్కుల దగ్గర. పాత పేపర్‌ను యథాతథంగా మూడు గంటలు పెట్టి రాయించి, వచ్చిన మార్కులను ఆ సంవత్సరం పర్సంటైల్‌తో పోల్చి, పిల్లవాడు ముందుకు పోయాడా వెనక్కి పోయాడా అని లెక్కలు వేస్తారు. ఇందులో అర్థం లేదు. తీసేసిన పాఠాల్లో చాలావరకు తేలికగా మార్కులు వచ్చేవే. మ్యాథమెటికల్ రీజనింగ్ ప్రశ్నకు ఒక ట్రూత్ టేబుల్ వేస్తే నిమిషంలో నాలుగు మార్కులు వచ్చేవి, ప్లేన్ ప్రశ్న ఒక సూత్రంతో తేలిపోయేది. వాటిని తొలగించాక మిగిలిన పేపర్ పొట్టిదవుతుంది కానీ సగటున కష్టమవుతుంది. పైగా ప్రశ్నల తీరు కూడా మారింది. 2021 నుంచి 2024 వరకు ఒక్కో సబ్జెక్టులో పది న్యూమరికల్ ప్రశ్నలిచ్చి ఐదు రాయమనేవారు. 2025 నుంచి ఐదే ఇచ్చి ఐదూ రాయమంటున్నారు. ఆ పాత ఛాయిస్‌తో సాధన చేసినవాడు పరీక్ష హాలులో నచ్చని ప్రశ్నను దాటి పోవడానికి చోటు లేక ఇబ్బంది పడతాడు.

కాబట్టి సమయం పెట్టి రాయించే పరీక్షలకు పాత పేపర్‌ను అలాగే వాడవద్దు. ఒక్క 2021లోనే నాలుగు విడతలుగా పరీక్ష జరిగింది కనుక వడగట్టిన తరువాత కూడా ప్రశ్నలకు కొదవ ఉండదు. వేర్వేరు షిఫ్టుల నుంచి ఏరి, సబ్జెక్టుకు ఇరవై ఆప్షన్లవి, ఐదు న్యూమరికల్‌వి చొప్పున 75 ప్రశ్నల పేపర్ మీరే కూర్చుకోండి. ఒక్కో ఆదివారానికి ఒకటి సరిపోతుంది. న్యూమరికల్‌కు కూడా తప్పు జవాబుకు ఒక మార్కు కోత వేయండి. 2021లో ఆ కోత లేదు కనుక అప్పటి పుస్తకాల్లో సూచనలు వేరుగా ఉంటాయి, వాటిని పిల్లవాడికి చూపించకపోవడమే మేలు.

చివరిగా, కొట్టేసిన ప్రశ్నలను చింపి పారేయవద్దు. మీ అబ్బాయి అడ్వాన్స్‌డ్‌కు అర్హత సాధిస్తే అక్కడి సిలబస్‌లో ప్లేన్ ఉంది, టాంజెంట్లు, నార్మల్‌లు ఉన్నాయి. తెలంగాణ ఈఏపీసెట్ రాసేటట్లయితే అది ఇంటర్ సిలబస్ మీద నడిచే పరీక్ష, తెలుగు అకాడమీ 1బీ పుస్తకంలో ప్లేన్ ఒక పూర్తి చాప్టర్, 2ఏలో బైనామియల్‌తో పాటు పాయిజాన్ డిస్ట్రిబ్యూషన్ కూడా ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో అయితే 2025-26 నుంచి మొదటి సంవత్సరానికి ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలు వచ్చాయి. కాబట్టి అక్కడ ఏ సంవత్సరం పరీక్ష రాస్తున్నాడో ఆ సంవత్సరం నోటిఫికేషన్‌తో ఇచ్చే సిలబస్‌నే ముందు పెట్టుకొని ఈ వడపోతను మళ్ళీ మొదటినుంచి చేయాలి. ఎర్ర స్కెచ్‌పెన్‌కు బదులు పెన్సిల్ వాడి, మార్జిన్‌లో మెయిన్‌కు ‘మె’, అడ్వాన్స్‌డ్‌కు ‘అ’, ఈఏపీసెట్‌కు ‘ఈ’ అని గుర్తులు పెట్టించండి. ఒకే ప్రశ్నకు రెండు గుర్తులు పడటం తరచుగా జరుగుతుంది, సమయం తక్కువ ఉన్నప్పుడు ముందు అవే చేయించండి.