‘ఆలోచించి చెప్తాం’ అన్నారా? అయితే మీరేమీ అడగలేదు

ప్రశ్న: ఎంబీఏ అయ్యాక విజయవాడలో ఒక రూఫ్‌టాప్ సోలార్ కంపెనీ సేల్స్‌లో చేరాను సార్. ఆరు నెలల్లో నలుగురు క్లయింట్లకు ప్రెజెంటేషన్ ఇచ్చాను. నలుగురూ ‘బాగుందమ్మా, ఆలోచించి చెప్తాం’ అన్నారు, మళ్లీ ఫోన్ లేదు. వచ్చే వారం గుంటూరులో ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీ యజమానిని కలవాలి. కంపెనీ ఇచ్చిన 28 స్లైడ్లు ఉన్నాయి. మధ్యలో ప్రశ్నలు వేస్తే టెన్షన్‌తో తడబడిపోతాను. ఎలా సిద్ధం కావాలి?

జవాబు: ఆ 28 స్లైడ్లలో చివరిది ఏమిటో చూడకుండానే చెప్పగలను. ‘థాంక్యూ’ అని పెద్ద అక్షరాలు, కింద కంపెనీ ఫోన్ నంబరు. దాన్ని చూసిన మనిషి ‘బాగుందమ్మా’ అనక ఇంకేమంటాడు? అందుకే మీ తయారీ చివరి వాక్యంతో మొదలుపెట్టండి. ఆ రోజు ఆ గదిలో ఆయన అవుననో కాదనో చెప్పగలిగిన ఒక్క విషయం ఏమిటి?

మీరు చూపించబోయేది 48 లక్షల, 100 కిలోవాట్ల ప్లాంటు అనుకుందాం. దానికి మొదటి మీటింగ్‌లో ఎవరూ ఆర్డర్ ఇవ్వరు. కానీ పైకప్పు సర్వేకు ఒప్పుకోవచ్చు. కాబట్టి ఈ వాక్యం కాగితం మీద రాసుకోండి: ‘గురువారం మా ఇంజనీరు వచ్చి మీ రేకులు, వాటిని మోసే ట్రస్సులు చూస్తారు. ఆ రిపోర్టు పట్టుకుని 20వ తేదీన మీరు, మీ అబ్బాయి, మీ ఆడిటర్ గారు ఉండగా కూర్చుందాం. ప్లాంటు పెట్టాలా వద్దా అన్నది ఆ రోజు తేల్చేద్దాం. సరేనా అండీ?’ మీరు చూపించేదంతా ఈ వాక్యానికి దారి తీయాలి. దారి తీయని స్లైడ్ ఎంత అందంగా ఉన్నా తీసేయండి. ఆరు మిగిలితే చాలు.

మొదటి స్లైడ్‌లో మీ కంపెనీ చరిత్ర వద్దు, ఆయన కరెంటు బిల్లు పెట్టండి. మీటింగ్‌కు రెండు మూడు రోజుల ముందే ఫోన్ చేసి 12 నెలల బిల్లులు వాట్సాప్‌లో పంపమనండి. పంపకపోతే అది కూడా ఒక సమాచారమే, ఆయనకు ఇంకా అంత ఆసక్తి లేదన్నమాట. అదే ఫోన్‌లో ‘మీటింగ్‌లో ఇంకెవరు ఉంటారండీ?’ అని అడగండి. డబ్బు విషయం చూసే మనిషి లేని గదిలో నిర్ణయం అడిగినా రాదు.

బిల్లులు వచ్చాక చాలామంది కొత్తవాళ్లు బోల్తాపడేది లెక్కల్లోనే. నేనూ పడ్డాను. సేల్స్‌లో ఉన్న రోజుల్లో ఒక రైసు మిల్లుకు వెళ్లి, మొత్తం బిల్లును యూనిట్లతో భాగించి యూనిట్‌కు 9 రూపాయలు మిగులుతుందని చూపించాను. వాళ్ల ఆడిటర్ కళ్లద్దాలు సవరించుకుని, ‘డిమాండ్ ఛార్జీలు కూడా సోలారే కట్టేస్తుందా బాబూ?’ అన్నాడు. ఇక ఆ తర్వాతి స్లైడ్లను ఎవరూ చూడలేదు. సోలార్ తగ్గించేది ప్రధానంగా వాడిన యూనిట్ల మీద పడే ఎనర్జీ ఛార్జీనే. డిమాండ్ ఛార్జీ, అంటే ముందే ఒప్పుకున్న లోడు మీద కట్టే మొత్తం, దాదాపు అలాగే ఉంటుంది.

ఈ కోల్డ్ స్టోరేజీకి ఎనర్జీ ఛార్జీ యూనిట్‌కు 7 రూపాయలు పడుతోందనుకుందాం. మన దగ్గర ఒక కిలోవాట్ రోజుకు సగటున 4 యూనిట్లు ఇస్తుంది. 100 కిలోవాట్లకు, మబ్బు రోజులు, దుమ్ము కొంత తీసేస్తే, ఏడాదికి 1,40,000 యూనిట్లు వేసుకోవచ్చు. అంటే ఏటా 9.8 లక్షలు మిగులు. 48 లక్షలు దాదాపు ఐదేళ్లలో తిరిగొస్తాయి. ఇది రెండో స్లైడ్. ఇంతకంటే మెరుగ్గా చూపించాలని ఆశపడకండి.

మూడో స్లైడ్ మాత్రం మీకు ఈ వ్యాపారం తెలుసని చూపించేది. మిర్చి స్టాకు దిగే వేసవిలో వాళ్ల వాడకం ఎక్కువ, గదులు ఖాళీ అయ్యే చలికాలంలో తక్కువ. ప్లాంటు సైజు వేసవి బిల్లు చూసి కాదు, తక్కువ నెల చూసి వేయాలి. డిసెంబరులో 25,000 యూనిట్లు వాడారనుకోండి, అందులో పగటి వాటా సగం, అంటే 12,500. 100 కిలోవాట్ల ప్లాంటు నెలకు ఇచ్చేది 11,700 దాకా. చాలావరకు అక్కడికక్కడే ఖర్చయిపోతుంది. 200 పెడితే ఆ నెల దాదాపు సగం వాళ్ల వాడకానికి మించిపోతుంది. ‘200 ఎందుకు పెట్టమనలేదంటే ఇందుకండీ’ అని చెప్పండి. ఎక్కువ అమ్మగలిగీ అమ్మలేదని ఆయనకు అర్థమవుతుంది. మిగతా మూడింటిలో ప్లాంటు బొమ్మ, పని జరిగే వారాల వరుస, మీరు అడగబోయే నిర్ణయం ఉంటే చాలు.

అరగంట మీటింగ్‌లో మీరు మాట్లాడేది 12 నిమిషాలు దాటకూడదు. మిగతాది ప్రశ్నలకు. రెండో స్లైడ్ మొదలుకాకముందే ఆయన ‘అసలెంతవుద్దమ్మా?’ అంటాడు. ‘అక్కడికే వస్తున్నానండీ’ అనకండి. ‘48 లక్షల చిల్లర అండీ. ఎందుకో రెండు నిమిషాల్లో చూపిస్తాను’ అని అంకె చెప్పేయండి. ధర దాచినట్టు అనిపిస్తే ఆయన చెవులు అక్కడితో మూసుకుపోతాయి.

టెన్షన్ పెట్టే ప్రశ్న ఒకటి తప్పకుండా వస్తుంది: ‘కరెంటు పోతే ఇది పనిచేస్తదా?’ మామూలు గ్రిడ్ ప్లాంటు పనిచేయదు. లైను మీద పనిచేసే లైన్‌మన్‌కు షాక్ కొట్టకుండా ఇన్వర్టరే ఆగిపోతుంది. చాలామంది ఇక్కడ నసుగుతారు. మీరు ముందు ‘పనిచేయదండీ’ అని ఒక్క మాటలో చెప్పండి, తర్వాత కారణం, ఆ తర్వాత మార్గం: జనరేటర్ నడుస్తున్నప్పుడు దానితో కలిపి సోలార్ నడిపించే కంట్రోలర్ పెట్టవచ్చు, డీజిల్ కొంత మిగులుతుంది, దాని ఖరీదు వేరే. ఏ కష్టమైన ప్రశ్నకైనా ఇదే వరుస పాటించండి. చెప్పాక ‘మీరడిగింది ఇదేనాండీ?’ అని ఒకసారి చూసుకోండి.

‘మావాడొకడు 42 లక్షలకే పెడతానన్నాడు’ అన్నారనుకోండి. ఆ కంపెనీని తిట్టకండి, వెంటనే డిస్కౌంటూ ఇవ్వకండి. ఆ కొటేషన్‌లో మిగులు కరెంటు గ్రిడ్‌కు పంపే నెట్ మీటరింగ్ పని, తుప్పు పట్టకుండా స్ట్రక్చర్ గాల్వనైజింగ్, ప్యానెల్ రకం, ఏటా మెయింటెనెన్స్ ఉన్నాయో లేదో ఆయన్నే చదవమనండి. అన్నీ ఉంటే ఆ ధర నిజంగానే మంచిదని ఒప్పుకోండి. ‘మా రేకులు మోస్తాయా?’ అని అడిగితే అదృష్టం. స్ట్రక్చర్‌తో కలిపి చదరపు మీటరుకు 15 కిలోల దాకా బరువు పడుతుంది. ట్రస్సులు చూడకుండా ఎవరూ చెప్పలేరు. అదే మీ సర్వేకు దారి. తెలియనిది అడిగితే వాళ్ల ముందే కాగితం మీద రాసుకుని, ఏ రోజు జవాబు ఇస్తారో చెప్పండి.

చివరి ఐదు నిమిషాలు ప్రశ్నలు తినేయకుండా వాచీ చూసుకోండి. రాసుకున్న వాక్యం అడిగేసి ఊరుకోండి. ఆ మౌనం భరించలేక మనమే ‘తొందరేం లేదండీ, ఆలోచించి చెప్పండి’ అనేస్తాం. మీ నలుగురు క్లయింట్లలో ఇద్దరికైనా ఆ మాట మీరే అందించి ఉంటారని నా అనుమానం. ఆయనే ‘ఆలోచిస్తాం’ అంటే, ‘తప్పకుండా అండీ. ధర గురించా, పైకప్పు గురించా, వేరే ఇంకేమైనానా?’ అని అడగండి. వచ్చిన జవాబును బట్టి ఒక తేదీ తీసుకోండి. తేదీ కూడా ఇవ్వకపోతే అది కాదనడమే. డైరీలో అలాగే రాసుకుని తర్వాతి క్లయింట్‌ను చూసుకోండి.

ఆ సాయంత్రం 6 గంటల్లోపు వాట్సాప్ పంపండి. ‘నమస్కారమండీ. 100 కిలోవాట్లు, 48 లక్షలు, సుమారు ఐదేళ్లలో రికవరీ అని మాట్లాడుకున్నాం. గురువారం ఉదయం 10కి మా ఇంజనీరు వస్తారు, నిచ్చెన, పాత స్ట్రక్చర్ డ్రాయింగ్ ఉంటే తీసి పెట్టండి. జనరేటర్ కంట్రోలర్ ఖరీదు బుధవారం చెప్తాను. 20వ తేదీన నిర్ణయం.’ ఆ 28 స్లైడ్లను దీని కింద పీడీఎఫ్‌గా పెట్టండి, చదవాలనుకుంటే వాళ్ల అబ్బాయి చదువుకుంటాడు.