పుల్లీ ఎగిరొచ్చింది, నోటీసులో ఏం రాయాలి?

"మోటారు పుల్లీ పట్టేసింది. పుల్లర్‌తో లాగుతుంటే ఎగిరొచ్చి మా కుర్రాడి మోచేతికి తగిలింది. కొత్తవాళ్ల కోసం గోడ మీద ఏం రాయాలన్నా?"

తమ్ముడూ, మొదటి మాట ఇది రాయి: షాఫ్ట్ నట్టు పూర్తిగా తీయొద్దు, కాస్త వదులు చేసి షాఫ్ట్ మరల మీదే ఉంచాలి. టేపర్ మీద బిగిసిన పుల్లీ మెల్లగా జారదు, ఠప్పున వదిలేస్తుంది. నట్టు ఉంటే అక్కడే ఆగిపోతుంది. (నేనూ దెబ్బ తిన్నాకే నేర్చుకున్నాను.) నట్టే లేని షాఫ్టయితే పుల్లీకి గట్టి తాడు కట్టాలి.

లాగేవాడు పుల్లర్‌కు ఎదురుగా కాదు, పక్కన నిలబడాలి. కళ్లద్దాలు తప్పనిసరి. మధ్య బోల్టు ఇక తిరగకపోతే పానాకు పైపు తొడగొద్దు, పుల్లర్ కాళ్లు విరుగుతాయి. బిగువు వదిలేసి, తుప్పు వదిలించే నూనె కొట్టి రాత్రంతా ఉంచండి.

నట్టు కదిపేటప్పుడు బ్రేకర్ బార్‌ను తోయకూడదు, తనవైపు లాగాలి. తోస్తే, జారినప్పుడు పిడికిలి నేరుగా ఇనుముకి తగులుతుంది.