సున్నా కొవ్వు అన్న డబ్బాలో నూనె ఎలా ఉంటుంది?

"విజయనగరంలో కొన్న అమెరికా నూనె స్ప్రే డబ్బా మీద కొవ్వు సున్నా అని ఉంది. లోపల ఉన్నది నూనే కదా?"

అవును, నూనే. ఒక సర్వింగ్‌లో అర గ్రాము కన్నా తక్కువుంటే సున్నా అని వేయాలన్నది అమెరికా లేబుల్ నిబంధన, చక్కెరకైతే అలా వేయొచ్చు. స్ప్రేకి అక్కడి సర్వింగ్ పావు గ్రాము, అంటే పావు సెకను నొక్కుడు. పెనం మీద అంత తక్కువ ఎవరు కొడతారు! అట్టుకో సెకను నొక్కితే దాదాపు గ్రాము నూనె, ఆరు అట్లకు ఆరు గ్రాములు, చెంచాకు పైనే. సున్నా అంటే అసలు లేదనుకోవడమే పొరపాటు. పదార్థాల జాబితాలో మొదట నూనె ఉందేమో చూడండి. మన ప్యాకెట్లయితే 100 గ్రాముల లెక్క చదవండి, అక్కడ బయటపడుతుంది.