సంక్రాంతి సెలవు మెసేజ్ ఎలా పెట్టాలి?

"ఎంవీపీ కాలనీ నుంచి ఏటికొప్పాక బొమ్మలు ఆన్‌లైన్‌లో అమ్ముతున్నాం. జనవరి 14 నుంచి 16 వరకు సెలవు అని పోయిన పండక్కి లాగే పెడితే చాలా? అప్పుడు 13న ఆర్డరిచ్చిన వాళ్ళు కూడా గొడవ చేశారు."

చాలదండి. కస్టమర్‌కి మీ షాపు ఎప్పుడు మూస్తారన్నది కాదు, తన పార్సిల్ ఎప్పుడు బయల్దేరుతుందన్నది కావాలి. 13న ఆర్డరిచ్చిన వాళ్ళకి అదే తెలియలేదు. ముందు మీ కొరియర్ అబ్బాయిని అడగండి, పండక్కి ముందు ఆఖరి పికప్ ఎప్పుడని. అది 13 సాయంత్రమైతే, ప్యాకింగ్‌కి ఒక రోజు ఉంచుకుని 12వ తేదీ మధ్యాహ్నం రెండు గంటలను గడువుగా పెట్టండి. మెసేజ్ ఇలా ఉంటే సరిపోతుంది:

"జనవరి 12న మధ్యాహ్నం 2 గంటల లోపు వచ్చిన ఆర్డర్లు 13న పంపుతాం. ఆ తర్వాతవి 17 నుంచి, వచ్చిన వరుసలో పంపుతాం. 14, 15, 16 తేదీల్లో ఫోన్, వాట్సాప్ చూడం. జవాబులు 17 ఉదయం నుంచి ఇస్తాం."

13న పంపినవి కూడా దారిలో ఆగొచ్చు. అందుకే పండగలోపు చేరుతుందని మాత్రం మాటివ్వకండి. నేను ఒకసారి ఇచ్చి, డబ్బు వెనక్కి కట్టాను.

దీన్ని వారం ముందే పంపి, ఆర్డర్ పేజీలో కూడా పెట్టండి. అక్కడ "3 రోజుల్లో డెలివరీ" అన్న పాత లైను ఉంటే తీసేయండి, జనం దాన్నే నమ్ముతారు. వాట్సాప్ బిజినెస్‌లో Away message తేదీలతో పెట్టుకోవచ్చు, కానీ ఫోన్‌లో నెట్ ఆన్‌లో ఉంటేనే అది వెళ్తుంది. ఊరెళ్తే మర్చిపోకండి.