చేంతాడు చాలని బావి

చిరంజీవి అమ్మాయికి, ఆశీస్సులు.

పాలక్కాడ్ బడి పిల్లల కోసం నువ్వు మలయాళంలో రాసిన ఏకపాత్ర చదివాను. "నేను నీటిబొట్టును" అని మొదలుపెట్టావు. అది తీసెయ్యి. నీటిబొట్టుకు ఇల్లు లేదు, అమ్మ లేదు, దాహం వెయ్యదు. ఆ మాటలు పన్నెండేళ్ల పిల్ల అప్పజెప్పగలదే గానీ ఆడలేదు.

కేరళలో ఏడాదికి సగటున 3000 మిల్లీమీటర్ల దాకా వాన పడుతుంది, మనకు పడేదానికి సుమారు మూడింతలు. పెరటి బావులకూ కొదవ లేదు. అయినా మేడమాసం వచ్చేసరికి, అంటే మన ఏప్రిల్, మే నెలల్లో, ఎన్నో బావులు అడుగంటుతాయి. కనుమల నుంచి సముద్రం దగ్గరే కాబట్టి వాననీరు చప్పున దిగిపోతుంది. దాన్ని కాస్త నిలబెట్టే వరిమళ్లను పూడ్చి ఇళ్లు కట్టారు. నీ నాటకం ఇక్కడుంది. కానీ ఈ కారణాలు పిల్ల నోట పాఠంలా పలికించకు. "వానాకాలం మేం చేపలు పట్టిన మడిలో ఇప్పుడు ఇల్లుంది" అంటే చాలు.

పాత్ర ఒక అమ్మాయి, చేతిలో బొక్కెన, చేంతాడు. బావిని వేదిక అంచున ఊహించుకో. అప్పుడు ఆమె బావిలోకి తొంగిచూస్తే ప్రేక్షకుల ముఖాల్లోకే చూస్తుంది. మొదట కర్కిడకం, జోరువానల నెల. తాడు వదులుతూ లెక్కపెడుతుంది: "ఒన్ను, రండు, మూన్ను, నాలు." నాలుగో బారకే బొక్కెన నీళ్లలో పడుతుంది. బరువుగా, మెల్లగా లాగి, కాళ్ల మీద ధారాళంగా పోసుకుంటుంది. తర్వాత మేడం. అదే లెక్క, నాలుగు దాటుతుంది, పది దాటుతుంది. పద్నాలుగు దగ్గర తాడు కొస చేతిలో ఉంటుంది, కింద చప్పుడు లేదు. అప్పుడు ఒకే మాట: "అమ్మే, కయర్ పోరా." అమ్మా, తాడు చాలట్లేదు.

అక్కడ ఆగి ఉపన్యాసం ఎత్తుకోకు. ఆమె తాడుకు పాత తువ్వాలు ముడేసి మళ్లీ వదలాలి. ఈసారి బొక్కెన గబగబా పైకొచ్చేస్తుంది, తేలికగా ఉంది కనుక. అది చేతులకు తెలిశాకే ముఖంలో కనపడాలి.

రెండో పేజీలో ప్లాచిమడ తెచ్చావు. కోకాకోలా కర్మాగారం వల్ల బావులు చెడిపోయాయని అక్కడి ఆదివాసీ మహిళలు 2002లో పోరాటానికి దిగారు, 2004లో ఆ కర్మాగారం ఆగింది. పక్క ఊరి కథ కనుక నీకు మనసొప్పదు, తెలుసు. కానీ అది నాలుగు నిమిషాల్లో ఇమిడేది కాదు. దానికి వేరే నాటకం రాయి.

చివర్లో "జలసంరక్షణం" అంటూ వచ్చే నినాదాలు కొట్టేస్తే నీ రాత రెండువందల యాభై మాటలకు వస్తుంది. నాలుగు నిమిషాలకు అది సరిపోతుంది. మిగిలిన మాటల్లో ఆ పిల్ల ఇంట్లో అననివేవో ఆమెనే అడిగి మార్చు.

రిహార్సల్‌లో మొదటిసారి లాగే బొక్కెనలో రెండు ఇటుకలు పెట్టించు, రెండోసారి తీయించు. నాలుగు రోజులు అలా లాగాక ఖాళీ బొక్కెనతో ఆడించు, బరువు చేతులకు గుర్తుంటుంది.

ఆశీస్సులతో,
మీ మాస్టారు