గనాష్ కొలతలు: తూకం, ఎండ, కేక్ సైజు

ప్రశ్న: "గనాష్‌కి చాక్లెట్, క్రీమ్ ఎంతెంత వేయాలి? ఒక్కో వీడియోలో ఒక్కోలా చెప్తున్నారు. గ్లేజ్‌కి, ఫిల్లింగ్‌కి, ట్రఫుల్స్‌కి వేరేవేరేనా? 8 అంగుళాల కేక్ మొత్తం కవర్ చేయాలంటే ఎంత చేసుకోవాలి?"

ముందు చిన్న డిజిటల్ కాటా ఒకటి కొనండి, కప్పులతో మాత్రం గనాష్ చేయకండి. కప్పు క్రీమ్ 240 గ్రాముల దాకా తూగుతుంది, అదే కప్పులో తరిగిన చాక్లెట్ పోస్తే 170 గ్రాములు రావడం కూడా కష్టం, ముక్కల మధ్య అంతా ఖాళీయే. అందుకే "కప్పుకి కప్పు" అన్న వీడియో చూసి చేసినవాళ్లకి క్రీమ్ ఎక్కువైపోయి పల్చగా వస్తుంది, తప్పు చాక్లెట్ మీదకి తోస్తారు.

తూకం లెక్కలో డార్క్ చాక్లెట్‌కి ఇలా పెట్టుకోండి. కేక్ మీద పోసే గ్లేజ్‌కి చాక్లెట్, క్రీమ్ సమానం. మధ్యలో ఫిల్లింగ్‌కి ఒకటిన్నర వంతు చాక్లెట్‌కి ఒక వంతు క్రీమ్. చేత్తో ఉండలు చుట్టే ట్రఫుల్స్‌కి రెండుకి ఒకటి, కేక్ చుట్టూ పూసి స్క్రేపర్‌తో నున్నగా లాగడానికీ అదే రెండుకి ఒకటి. మిల్క్ చాక్లెట్‌లో కోకో తక్కువ కాబట్టి ఆ గట్టిదనం రావాలంటే రెండున్నర, వైట్ అయితే మూడు వంతులు పడుతుంది.

ఇక్కడ ఎవరూ చెప్పని సంగతి ఒకటుంది. విదేశీ రెసిపీల్లో క్రీమ్ అంటే 35 శాతం కొవ్వు ఉన్నది. మనం కిరాణాలో తెచ్చుకునే అమూల్ ఫ్రెష్ క్రీమ్‌లో కొవ్వు 25 శాతం, అంటే ఆ మేరకు నీళ్లు ఎక్కువ. నీళ్లు ఎక్కువుంటే గనాష్ మెత్తగా సెట్ అవుతుంది. దానికి హైదరాబాద్ ఎండ తోడైతే ఇంక చెప్పేదేముంది, డిసెంబర్‌లో చక్కగా నిలిచిన కొలత మే నెలలో జారిపోతుంది.

పోయిన ఎండాకాలం మా చిన్నమ్మ కూతురు వాళ్ల బాబు మొదటి పుట్టినరోజుకి కేక్ తనే చేస్తానని కూర్చుంది. ఎక్కడో బేకింగ్ క్లాస్‌కి వెళ్లి నేర్చుకుంది, వాళ్లు అన్నిటికీ సమానం సమానం అని ఒకటే కొలత రాసిచ్చారు. డబ్బులు బాగానే తీసుకున్నారు కానీ ఊళ్లో ఎండ ఎంత, ఏ క్రీమ్ వాడుతున్నారు అన్న మాటే ఎత్తలేదు, ఇది నాకు చాలా కోపం తెప్పించే విషయం. 400 గ్రాముల చాక్లెట్, 400 గ్రాముల క్రీమ్ కలిపి రాత్రంతా ఏసీ గదిలో పెట్టింది. పొద్దున నేను వెళ్లేసరికి గిన్నె ముందు పెట్టుకుని చూస్తోంది. స్పూన్‌తో మధ్యలో గీత గీస్తే రెండు వైపుల నుంచి మెల్లగా వచ్చి మూసుకుపోతోంది. పూతకి పనికొచ్చే గనాష్ అయితే ఆ గీత గీసినట్టే నిలబడాలి, స్పూన్ బోర్లిస్తే పడకూడదు.

"అక్కా, ఫ్రిజ్‌లో పెడదామా, గట్టిపడుతుంది కదా" అంది. ఫ్రిజ్‌లో గట్టిపడుతుంది నిజమే, బయటికి తీసిన కాసేపటికి మళ్లీ మొదటికే వస్తుంది. పైగా మూడు లేయర్ల కేక్, పై బరువుకి ఫిల్లింగ్ పక్కల నుంచి పొట్టలా ఉబికి వస్తుంది. కొలతే మార్చాలి. అందులో ఉన్న క్రీమ్ 400, దానికి రెండింతలు అంటే చాక్లెట్ 800 కావాలి, ఉన్నది 400, ఇంకో 400 వేయాలి, అంతే లెక్క. పారబోసే పని లేదు.

కాకపోతే ముక్కలు తీసుకెళ్లి చల్లటి గనాష్‌లో వేస్తే కరగవు. చాక్లెట్ విడిగా కరిగించాం, గనాష్‌ని మైక్రోవేవ్‌లో కొద్దికొద్దిగా గోరువెచ్చగా చేశాం, తర్వాత కరిగిన చాక్లెట్‌ని కొంచెం కొంచెంగా పోస్తూ గిన్నె మధ్య నుంచి కలుపుతూ వచ్చాం. చివర్లో తను తొందరపడి మిగిలిందంతా ఒకేసారి వంచేసింది, వెంటనే అంచుల్లో నూనె తేలి మధ్యలో రవ్వరవ్వగా అయిపోయింది. గనాష్ విరగడం అంటే ఇదే. చాక్లెట్‌లో, క్రీమ్‌లో ఉన్న కొవ్వంతా సన్నటి బొట్లుగా క్రీమ్‌లోని నీళ్లలో పట్టుకుని ఉంటుంది, చాక్లెట్ పెరిగేకొద్దీ ఆ నీళ్లకి పట్టుకునే చోటు తగ్గుతుంది, వేడి హెచ్చుతగ్గులైనా ఇంతే. రెండు స్పూన్ల వేడి పాలు ఒక్కోటీ పోసి మధ్యలో చిన్నగా తిప్పుతూ ఉంటే మళ్లీ అద్దంలా మెరుస్తూ కలిసిపోయింది. గట్టిగా గిలక్కొట్టకండి, గాలి బుడగలు చేరి పూతలో చిల్లులు పడతాయి.

ఇక కేక్‌కి ఎంత అనేది. 8 అంగుళాల గుండ్రటి కేక్, 4 అంగుళాల ఎత్తు అనుకోండి. పైభాగం దాదాపు 50 చదరపు అంగుళాలు, చుట్టూ గోడ 100, మధ్యలో రెండు ఫిల్లింగ్‌లు ఒక్కోటి 50. మొత్తం 250. అర సెంటీమీటర్ మందం పూతకి చదరపు అంగుళానికి 4 గ్రాములు పడుతుందని నా లెక్క, స్క్రేపర్‌కి అంటుకునేది కూడా అందులోనే. అంటే ఒక కిలో. ఫిల్లింగ్‌కీ పూతకీ కలిపి రెండుకి ఒకటే పెట్టుకుంటే, దాన్ని మూడు భాగాలు చేసి చాక్లెట్ 670, క్రీమ్ 330. మా చెల్లి గిన్నెలో 1200 గ్రాములు అయ్యింది కాబట్టి కేక్‌కి పోను 200 దాకా మిగిలింది, రెండుకి ఒకటే కొలత కదా, ఫ్రిజ్‌లో పెట్టి స్పూన్‌తో తీసి ఉండలు చుట్టి కోకో పౌడర్‌లో దొర్లించేశాం.

కేక్ పెద్దదైతే 8 నుంచి 10కి పావు వంతు పెరిగింది కదా అని గనాష్ కూడా పావు వంతు పెంచుతారు చాలామంది, సరిపోదు. అదే ఎత్తు 10 అంగుళాల కేక్‌కి పైన 78, గోడ 126, రెండు ఫిల్లింగ్‌లు కలిపి 157, మొత్తం 360 పైన, అంటే కిలోన్నరకి కాస్త తక్కువ. 6 అంగుళాలదైతే 650 గ్రాములు చాలు. పోసే గ్లేజ్ లెక్క వేరు, 8 అంగుళాల కేక్‌కి ఒక 600 గ్రాములు చేసుకుని చేతికి వేడీ చల్లా తెలియని స్థితిలో ఒకేసారి పోసేయండి, కింద ట్రేలో కారింది తీసి దాచుకోవచ్చు.

ఇవన్నీ అసలు చాక్లెట్‌కి మాత్రమే. బేగంబజార్‌లో బేకింగ్ సామాను కొట్లకి వెళ్లి "డార్క్ చాక్లెట్ స్లాబ్" అంటే చాలాచోట్ల కాంపౌండే చేతిలో పెడతారు. వెనక చదవండి, కోకో బటర్ బదులు పామ్ కెర్నెల్ లాంటి వెజిటబుల్ ఫ్యాట్ రాసుంటే అది కాంపౌండ్, చౌక, వాడకూడదని కాదు కానీ సెట్ అయ్యే తీరు వేరు, నోట్లో కరిగే తీరు వేరు. ముందు 100 గ్రాములతో చిన్నగా చేసి ఆ గీత పరీక్ష చూసుకోండి.

ఇంకోటి, కోకో బటర్ 34 డిగ్రీల దగ్గర కరిగిపోతుంది, మే నెలలో ఏసీ లేని ఫంక్షన్ హాల్‌లో ఏ కొలతా నిలబడదు. మా చెల్లి వాళ్ల హాల్‌లో ఏసీ ఉంది కాబట్టి సరిపోయింది. మీ దగ్గర లేకపోతే కేక్‌ని చల్లటి చోటే ఉంచి కట్ చేసే అరగంట ముందు మాత్రమే బల్ల మీదకి తీయండి, వీలైతే పూత రెండున్నరకి ఒకటి చేసుకోండి.